టోట్‌లో 80 చూపించి 32 ఇచ్చారు, ఇది మోసమా?

శ్రీను_ఎల్బీనగర్: మొన్న మొదటిసారి రేసులకి వెళ్లాను. టోట్ కౌంటర్‌లో 4వ నంబర్ గుర్రం మీద విన్ 500 వేశాను, అప్పుడు బోర్డు మీద 10 రూపాయలకి 80 అని ఉంది. గుర్రం గెలిచింది. 4000 వస్తాయని వెళ్తే 1600 చేతిలో పెట్టారు! పక్కనే బుకీ దగ్గర ఫిక్స్‌డ్ ఆడ్స్ అంటూ 5/1కి కొన్న మా ఫ్రెండ్ అదే 500కి 3000 తెచ్చుకున్నాడు. ఎక్కడ తేడా కొట్టింది?

రవి: ఫిక్స్‌డ్ ఆడ్స్ అంటేనే అర్థమవుతోంది కదా బ్రో, రేసు ముందే ఫిక్స్ అయిపోయింది. 😂

పాత_పంటర్: రవీ, ఫిక్స్ అయ్యేది రేటు, రేసు కాదు.
శ్రీనూ, నిన్నెవరూ మోసం చేయలేదు. టోట్ అంటే చిట్టీ పాటలా అందరి డబ్బూ ఒక కుండలో పడుతుంది, క్లబ్బు తన వాటా, పన్ను తీసుకుని మిగిలింది గెలిచిన గుర్రం టికెట్ల మీద పంచుతుంది. నీ రేసు అసలు అంకెలు నాకు తెలియవు కాబట్టి కోత 20 శాతం అనుకుని చెప్తున్నా. నువ్వు వేసినప్పుడు విన్ కుండలో లక్ష ఉంది, అందులో 4వ నంబర్ మీద 10,000. కోత పోగా 80,000, దాన్ని 10,000తో భాగిస్తే 8 రెట్లు, అంటే 10కి 80. తర్వాత ఆఖరి రెండు నిమిషాల్లో జనం ఎగబడ్డారు, కుండ 2 లక్షలయింది, కానీ 4వ నంబర్ మీదే 50,000 చేరింది. 1,60,000ని 50,000తో భాగిస్తే 3.2, అంటే 32. బోర్డు మీద నువ్వు చూసింది ఆ క్షణం లెక్క మాత్రమే, నీ టికెట్‌కి అది మాట ఇచ్చినట్టు కాదు. గేట్లు తెరుచుకున్నాక కూడా అంకె మారుతుంది, ఎందుకంటే బయటి సెంటర్లలో అప్పటికే వేసిన డబ్బు లెక్కలోకి చేరేసరికి కాస్త ఆలస్యమవుతుంది.

కిరణ్_పంటర్: 32 అంటే లాభం 32 అన్నా, దానికి మన 10 కూడా కలపాలి. అంటే 500కి 2100 రావాలి, తక్కువిచ్చారు, వెళ్లి అడుగు.

పాత_పంటర్: కాదు కిరణ్, ఆ పద్ధతి బుకీది. 5/1 అంటే 500కి 2500 లాభం, పైన నీ 500 వెనక్కి, మొత్తం 3000. టోట్ డివిడెండ్‌లో నీ పెట్టుబడి కలిసే ఉంటుంది. టోట్‌ని బుకీతో పోల్చాలంటే 32 లోంచి 10 తీసేయి, 22/10, అంటే రెండుకి కాస్త పైన. శ్రీను ఫ్రెండ్‌కి 5/1 దొరికిందంటే ఆ గుర్రం మీద జనం డబ్బు పడకముందే అతను టికెట్ రాయించుకున్నాడు. బుకీ తర్వాత పలక తుడిచి 2/1 రాసుకున్నా పాత టికెట్‌కి పాత రేటే ఇవ్వాలి. ఆ నష్టం బుకీది. టోట్‌లో ఏ గుర్రం గెలిచినా క్లబ్బుకి ఒకటే.

శ్రీను_ఎల్బీనగర్: మరి బుకీకి లాభం ఎక్కడి నుంచి వస్తుంది?

పాత_పంటర్: రేటులోనే దాచుకుంటాడు. సమాన బలం ఉన్న నాలుగు గుర్రాలకి న్యాయమైన రేటు 3/1, అతను 5/2 రాస్తాడు. నాలుగింటి మీదా పదేసి చొప్పున 40 పెట్టి చూడు, ఏది గెలిచినా 35 వస్తాయి.

లండన్_సురేష్: నా అనుభవం వేరు. ఇక్కడ బుక్‌మేకర్ దగ్గర 10 పౌండ్లు 5/1కి వేశాను, తర్వాత 3/1 రేటున్న ఇంకో గుర్రం తప్పుకుంది. నాది గెలిచినా రూల్ 4 అని లాభంలో పౌండ్‌కి 25 పెన్సులు కోసేశారు. 60 రావాల్సింది 47.50 వచ్చింది. అంటే ఫిక్స్‌డ్ అన్నది కూడా పూర్తిగా ఫిక్స్‌డ్ కాదు. టోట్‌లో అయితే తప్పుకున్న గుర్రం డబ్బు కుండలోంచి తీసి వెనక్కిచ్చేస్తారు, మిగిలిన లెక్క దానంతట అదే సర్దుకుంటుంది.

కిరణ్_పంటర్: సరే 2100 సంగతి నాదే తప్పు. కానీ జనం లేని రేసులో టోట్ 160 చూపిస్తుంటే ఒకేసారి 5000 వేసేస్తే పోలా?

పాత_పంటర్: అక్కడే దెబ్బ తింటావు. కుండలో 20,000, ఆ గుర్రం మీద 1000 ఉంటేనే 160. నీ 5000 పడగానే కుండ 25,000, కోత పోగా 20,000, గుర్రం మీద 6000. 10కి 33 మాత్రమే. నీ రేటు నువ్వే తినేశావు. అదే డబ్బు బుకీ 10/1కి ఒప్పుకుంటే రేటు కదలదు, కాకపోతే అంత పెద్ద పందెం తీసుకుంటాడా అన్నది అతని ఇష్టం. నన్నడిగితే అందరికంటే ముందే గుర్రం కనిపెట్టానన్న నమ్మకం ఉంటే బుకీ, ఎవరూ పట్టించుకోని గుర్రం మీద చిన్న పందెమైతే టోట్.

లండన్_సురేష్: చివరి మాట ఒప్పుకోను, నాకు టోట్‌లో అలాంటి గుర్రం ఒక్కటీ దొరకలేదు.

శ్రీను_ఎల్బీనగర్: ఇంకో డౌట్. కుండలో 90 శాతం ఒకే గుర్రం మీద పడితే? 20 శాతం కోస్తే 10కి 9 కూడా రావడం లేదు. గెలిచినవాడు నష్టపోతాడా?

పాత_పంటర్: చాలా చోట్ల కనీసం ఇంత ఇవ్వాలని రూల్ ఉంటుంది, తగ్గిన డబ్బు నిర్వాహకులు భరిస్తారు. నువ్వు వెళ్లిన చోట ఎంతో కౌంటర్‌లో అడిగి ఇక్కడ పెట్టు.