చీలమండ బెణికితే ఐసు పెట్టాలా, వద్దా?

శ్రావణి: నిన్న మెట్లు దిగుతుంటే పాదం లోపలికి మడత పడింది. చీలమండ బయటివైపు బాగా వాచింది. కుంటుతూ నడుస్తున్నాను. ఐసు పెట్టమని కొందరు, వద్దని కొందరు. ఏం చేయాలి?

మొండిఘటం: వద్దు. వాపు అంటే శరీరం చేసుకునే మరమ్మతు. విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే సూత్రాన్ని 1978లో చెప్పిన డాక్టర్ మిర్కినే తర్వాత ఐసు మీద మాట మార్చారు.

రఘు, ఫిజియో: ఐసు సంగతి తర్వాత. శ్రావణి గారూ, చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తు ఎముకలుంటాయి. వాటి కొసను, కొస నుంచి పైకి 6 సెం.మీ. వరకు వెనక అంచును వేలితో నొక్కి చూడండి. ఎముక మీదే నొప్పి పుడితే ఎక్స్‌రే తీయించాలి. పాదం బయటి అంచు మధ్యలో తగిలే ఎముక దగ్గర నొప్పి ఉన్నా అంతే. కుంటుతూనైనా నాలుగు అడుగులు వేయగలగడం మంచి గుర్తే కానీ, అదొక్కటే చాలదు.

ఎముకకు ఏమీ కాకపోతే ఎలాస్టిక్ కట్టును వేళ్ల మొదలు నుంచి పైకి చుట్టి, కాలిని గుండె కన్నా ఎత్తులో పెట్టుకోండి. వేళ్లు తిమ్మిరెక్కినా, నీలం తిరిగినా వెంటనే విప్పండి. ఐసు నొప్పి తగ్గడానికి మాత్రమే. గుడ్డలో చుట్టి 15 నిమిషాలు ఉంచితే చాలు.

వెంకట్: గట్టిగా మర్దన చేయించండి, పూటలో దిగిపోతుంది.

రఘు, ఫిజియో: మొదటి రెండు మూడు రోజులు ఆ పని చేస్తే లోపల రక్తస్రావం పెరుగుతుంది.

మాధవి: మా అబ్బాయికి మామూలు బెణుకుకే పిండికట్టు వేశారు. విప్పేసరికి పిక్క సన్నబడిపోయింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

మొండిఘటం: ఐసు నొప్పి తగ్గిస్తుందన్నారు, గాయం మానుస్తుందని అనలేదు. అందరూ గమనించండి.

రఘు, ఫిజియో: అననిదాన్ని పట్టుకుని ఎంతసేపు వాదిస్తారు?

మొండిఘటం: వాదన కాదండీ, అనుభవం! నా కాలు బెణికిన ప్రతిసారీ ఐసు పెట్టించారు. ఇప్పుడు చదునైన నేల మీద కూడా అదే కాలు మడత పడుతోంది.

రఘు, ఫిజియో: నొప్పి పోయాక ఏ వ్యాయామం చేశారు?

మొండిఘటం: నొప్పి పోయాక వ్యాయామం ఎందుకు? తగ్గిపోయినట్టే కదా.

రఘు, ఫిజియో: అసలు తేడా ఇక్కడ ఉంది. పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పే నరాల కొసలు ఎముకలను కలిపి పట్టుకునే లిగమెంట్‌లో ఉంటాయి. అది సాగినప్పుడు ఆ కబురు ఆలస్యమవుతుంది, కండరాలు సమయానికి పట్టుకోలేవు. గోడ పక్కన ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడండి, తర్వాత రెండో కాలి మీద. దెబ్బతిన్న పాదం ఎక్కువ ఊగితే పని మిగిలే ఉంది. కళ్లు తెరిచి స్థిరంగా నిలబడగలిగాకే కళ్లు మూసుకుని, ఆపైన దిండు మీద. కొన్ని వారాలు రోజూ చేయాలి.

శ్రావణి: వెనక అంచు నొక్కితే ప్రాణం పోయింది. ఎక్స్‌రేకి వెళ్తున్నాను.

మొండిఘటం: నిలబడి చూశాను. కళ్లు మూస్తే మంచి కాలూ ఊగుతోంది. దీనికేమంటారు?

రఘు, ఫిజియో: కళ్లు మూస్తే చాలామందికి ఊగుతుంది. తెరిచి చేయమన్నాను కదా. రెండు కాళ్లకూ తేడా ఎంత?

మొండిఘటం: ఉంది. అయినా ఐసు మాత్రం పెట్టను.