ఫోటోలు క్లౌడ్‌లో ఉన్నాయంటే ఫోన్‌లో తీసేయొచ్చా?

వడ్డేపల్లి తమ్ముడు (హన్మకొండ): నా 128 జీబీ ఫోన్ నిండిపోయింది, ఫోటోలు, వీడియోలే 40 జీబీ ఉన్నాయి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ ఆన్‌లోనే ఉంది. అక్క పెళ్లి ఫోటోలు ఫోన్‌లోంచి తీసేస్తే క్లౌడ్‌లో ఉంటాయా, పోతాయా?

చౌరస్తా మొబైల్ షాపు: తీసేయ్ తమ్ముడూ, ఏం కాదు. ఒకసారి ఎక్కిందంటే కాపీ గూగుల్ కంప్యూటర్లలో ఉంటుంది. ఫోన్ నీళ్లల్ల పడ్డా, పోయినా, కొత్త ఫోన్‌లో అదే జీమెయిల్ పెడితే అన్నీ వస్తాయి. రోజూ కస్టమర్లకు చేసిస్తున్నా.

కాజీపేట అక్క: ఫోన్ పోతే వస్తాయి, అది నిజమే. కానీ నువ్వే చేత్తో తీసేయడం వేరు అన్నా. ఫోటోస్ యాప్‌కు ఫోన్‌లో కాపీ, క్లౌడ్‌లో కాపీ రెండూ కలిపి ఒకే బొమ్మ. అందులో మామూలుగా Delete కొడితే రెండు చోట్లా పోతుంది. ఎక్కిన ఫోటో అయితే చెత్తబుట్టలో 60 రోజులు ఉంటుంది, ఆ తర్వాత ఎవరూ తెచ్చివ్వలేరు. మా ఆఫీసులో ఒకాయన జాగా కోసం ఇట్లాగే తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

తమ్ముడూ, జాగానే కావాలంటే ప్రొఫైల్ బొమ్మ నొక్కితే Free up space అని ఉంటుంది. అది క్లౌడ్‌కు చేరినవాటినే చూసి ఫోన్‌లో కాపీ మాత్రం తీస్తుంది. ఆగు, ఇప్పుడే నొక్కకు. అసలు పెళ్లి ఫోటోలు ఎక్కాయో లేదో ముందు చూడు. వేరే కంప్యూటర్‌లో photos.google.com తెరువు. అక్కడ కనిపించేదే క్లౌడ్‌లో ఉన్నట్టు. ఫోన్‌లో కనిపిస్తోందన్నది లెక్కలోకి రాదు.

చౌరస్తా మొబైల్ షాపు: డిలీట్ మాట ఒప్పుకుంటా అక్కా. నేను ఫోన్ గ్యాలరీలోంచి తీస్తా, అందుకే నాకెప్పుడూ పోలేదు.

కాజీపేట అక్క: కొన్ని ఫోన్లలో అట్లా కుదురుతుంది. అన్ని కంపెనీల గ్యాలరీలు ఒకేలా ఉండవు కదా, దాని మీద నేనైతే పెళ్లి ఫోటోలు పందెం కాయను.

జమ్మికుంట పెద్దాయన: నా వాట్సాప్ ఫోటోలు ఎక్కడా కనిపిస్తలేవు. క్లౌడ్ అంతా మోసమే అనిపిస్తోంది. 500 రూపాయల మెమరీ కార్డు కొంటే అయిపోయె కదా?

కాజీపేట అక్క: వాట్సాప్ ఫోల్డర్ తనంతట తాను ఎక్కదు బాపూ. బ్యాకప్ సెట్టింగుల్లో ఆ ఫోల్డర్‌ను విడిగా ఆన్ చేయాలి. మోసం కాదు, మనం చెప్పలేదు అంతే. కార్డు పెట్టుకోండి, కానీ అది ఫోన్‌లోనే ఉంటే ఫోన్‌తో పాటే పోతుంది.

నయీంనగర్ ఇల్లాలు: 2020 ఆగస్టు వరదకు మా ఇంట్లో నడుము లోతు నీళ్లు. కంప్యూటర్, హార్డ్ డిస్క్, పెళ్లి ఆల్బమ్ అన్నీ మునిగాయి. బాబు పుట్టినప్పటి ఫోటోలు మాత్రం క్లౌడ్‌లో ఉండబట్టి మిగిలాయి. అప్పటి నుంచి ఇంట్లో ఒక్క చోటే దాచడం మానేశాం.

వడ్డేపల్లి తమ్ముడు: అక్కా, నీ మాట విని నెట్ సెంటర్‌లో తెరిచి చూశా. మేడారం వీడియోల దాకే ఉన్నాయి, పెళ్లివి ఒక్కటీ లేవు! ఫోన్‌లోనేమో చక్కగా కనిపిస్తున్నాయి. స్టోరేజ్ నిండిందని రాసి ఉంది.

కాజీపేట అక్క: అదే అనుకున్నా. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అందులోనే మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ సర్దుకోవాలి. నీవి 40 జీబీ, ఎట్లా పడతాయి? నిండగానే ఎక్కించడం ఆపేస్తుంది, బ్యాకప్ ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. ఇప్పుడు పెళ్లివి నీ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. ఈ రోజే కేబుల్ పెట్టి ఎవరి ల్యాప్‌టాప్‌లోకైనా దించు, తర్వాత మిగతా సంగతి.

ఇంకోటి. సెట్టింగ్ Storage saver అని ఉంటే 1080p కంటే పెద్ద వీడియోలు అక్కడికి తగ్గి చేరతాయి. 4K వీడియో తీసి ఉంటే Free up space కొట్టాక అసలుది మిగలదు.

చౌరస్తా మొబైల్ షాపు: అయితే నెల నెలా డబ్బు కట్టమంటావా? ఒకసారి హార్డ్ డిస్క్ కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది.

నయీంనగర్ ఇల్లాలు: మాది కూడా ఏళ్ల తరబడి ఉంది అన్నా, నీళ్లు వచ్చేదాకా.

చౌరస్తా మొబైల్ షాపు: అక్కా, కట్టడం ఆపేస్తే క్లౌడ్ వాళ్లు మాత్రం ఊరికే ఉంచుకుంటారా?

కాజీపేట అక్క: ఉంచుకోరు. కోటా దాటి రెండేళ్లు అట్లాగే ఉంటే తీసేయొచ్చని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. అందుకే నేను పెళ్లి, పిల్లల ఫోటోల వరకే క్లౌడ్‌లో పెట్టి, డిస్క్‌లో ఇంకో కాపీ మా అమ్మగారింట్లో పెట్టా. మిగతా మీమ్‌లు, గుడ్ మార్నింగ్ బొమ్మలు పోతే పోనీ.

వడ్డేపల్లి తమ్ముడు: ల్యాప్‌టాప్‌లోకి కాపీ అవుతోంది. 22 జీబీ అట, ఇంకా గంట చూపిస్తోంది. చార్జర్ తీయొద్దని అమ్మకు చెప్పి కూర్చున్నా.