యెన్‌ను పడగొట్టింది బాండ్ల కొనుగోలా, ముందే మారిన అంచనాలా?

శ్రీధర్: 2013 ఏప్రిల్‌లో బ్యాంక్ ఆఫ్ జపాన్ ప్రభుత్వ బాండ్లను భారీగా కొనడం మొదలుపెట్టింది. యెన్ బలహీనపడింది బాండ్లపై వచ్చే రాబడి, అంటే ఈల్డ్, తగ్గినందువల్లనా, మార్కెట్ అంచనాలు మారినందువల్లనా?

వెంకటరమణ: ఇందులో తర్కించడానికేముంది? బాండ్లు కొనడానికి కేంద్ర బ్యాంకు కొత్త డబ్బు సృష్టిస్తుంది. యెన్లు ఎక్కువైతే యెన్ విలువ తగ్గక మానదు.

పద్మజ: వెంకటరమణ గారూ, ఆ లెక్కన 2001–2006 మధ్య అదే బ్యాంకు డబ్బు గుమ్మరించినప్పుడు కూడా యెన్ కుప్పకూలాలి, కానీ కూలలేదు. ఆ డబ్బులో చాలా భాగం వాణిజ్య బ్యాంకుల నిల్వలుగా కేంద్ర బ్యాంకు ఖాతాల్లోనే ఉండిపోయింది.

శ్రీధర్ గారి ప్రశ్నకు జవాబు తేదీల్లో ఉంది. 2012 నవంబరు మధ్యలో డాలరుకు సుమారు 80 యెన్లు వచ్చేవి. ఎన్నికలు ఖాయమై, ప్రతిపక్ష నేత షింజో అబే అపరిమిత ద్రవ్య సడలింపు కావాలని, అంటే కేంద్ర బ్యాంకు హద్దు లేకుండా డబ్బు వదలాలని ప్రచారం చేయడంతో యెన్ జారడం మొదలై, గవర్నర్ కురోడా ఏప్రిల్ 4న కార్యక్రమాన్ని ప్రకటించే ముందే 93 దాకా వచ్చింది. అంటే ఆ కార్యక్రమం కింద ఒక్క బాండైనా కొనకముందే పతనంలో పెద్ద భాగం జరిగిపోయింది. పదేళ్ల బాండు ఈల్డ్ అప్పటికే 1 శాతం లోపు ఉంది, ఇంకా తగ్గడానికి పెద్దగా మిగల్లేదు. పైగా మే 23న అది 1 శాతాన్ని తాకినా డాలరు 100 యెన్లకు పైనే నిలిచింది. రెండేళ్లలో 2 శాతం ద్రవ్యోల్బణం తెస్తామన్న మాటను మార్కెట్ కొంతైనా నమ్మింది కాబట్టి, ధరల పెరుగుదల పోను యెన్ బాండుపై మిగిలేది తగ్గుతుందని లెక్కవేసుకుంది.

లక్ష్మి: నేను నాగోయాలో ఉంటాను, జీతం యెన్లలోనే. 2022లో కొత్త కార్యక్రమమేదీ ప్రకటించకపోయినా ఇంటికి పంపే సొమ్ము రూపాయల్లో బాగా తగ్గిపోయింది. ఇప్పుడు పంపడం మంచిదా, ఆగడం మంచిదా?

పద్మజ: ఎప్పుడు పంపాలో నేను చెప్పలేనండీ. అయితే మీ అనుభవం ఈల్డ్ పక్షానికే బలమిస్తుంది. ఆ ఏడాది బ్యాంక్ ఆఫ్ జపాన్ పదేళ్ల ఈల్డ్ 0.25 శాతం దాటకుండా ఎన్ని బాండ్లయినా కొంటానంది, అదే సమయంలో అమెరికా పదేళ్ల ఈల్డ్ అక్టోబరులో 4 శాతం దాటింది. చవగ్గా యెన్లలో అప్పు తెచ్చి డాలర్లలో పెట్టేవారికి ఇంతకన్నా ఏం కావాలి? డాలరు 150 యెన్లు దాటింది. డిసెంబరు 20న ఆ హద్దును 0.5 శాతానికి పెంచగానే యెన్ ఒక్కరోజులోనే 137 నుంచి 132 దగ్గరికి బలపడింది.

మురళి: రెండు వాదాలకూ అడ్డుపడే సంగతి ఒకటుంది. 2016 జనవరి 29న అదే బ్యాంకు, బాండ్ల కొనుగోలు కొనసాగిస్తూనే, సున్నా కన్నా తక్కువ ఉండే రుణాత్మక వడ్డీ రేటు ప్రకటించింది. ఈల్డ్ పడిపోయింది. యెన్ మాత్రం మొదట కాస్త తగ్గి, రెండు వారాల్లోనే 121 నుంచి 112 దాకా బలపడింది. ప్రపంచ మార్కెట్లలో భయం వల్ల అనవచ్చు, బ్యాంకు చేతిలో ఇక అస్త్రాలు లేవని మార్కెట్ అనుకున్నందువల్ల అనీ అనవచ్చు. నేను రెండోదాన్నే నమ్ముతాను గానీ, రెంటినీ విడదీసి చూపే దారి నాకింకా దొరకలేదు.

వెంకటరమణ: దారి దొరక్కపోతే నా డబ్బు లెక్కే నయం కదా!