‘దిద్దుబాటు అడిగిన తడవ...’ తర్వాత ఏముండేది? తడవా, తడవుగానా?

అమలాపురం నుంచి, ప్రశ్న నాదే:
మా తాతగారు సైన్‌బోర్డులు రాసేవారు. పని ఒప్పుకునే ముందు ఒక కాగితం మీద నాలుగైదు వాక్యాలు రాసి ఇచ్చేవారట. ఆ కాగితాల కట్ట 86 వరదలో పోయింది. అందులో ఒక వాక్యం "దిద్దుబాటు అడిగిన తడవ" దాకా మా నాన్నకి గుర్తుంది. ఆ తర్వాత ఏముండేదో గుర్తు లేదు.

నేను డిజైన్లు చేస్తాను. ఆ వాక్యాన్ని "అడిగినదే తడవుగా" అనుకుని, ప్రతి పనికీ పంపే కొటేషన్ ఫారంలో "సవరణలు అడిగిందే తడవుగా చేసి ఇస్తాను" అని పెట్టుకున్నాను. మొన్న ఒక పూతరేకుల కొట్టు వాళ్లకి రెండు పెట్టెల డిజైన్ ఒప్పుకున్నాను, 12,000 రూపాయలకి. పదకొండు సార్లు మార్పించారు. ఇంక చాలండి అంటే "మీరే రాశారు కదమ్మా, అడిగిందే తడవుగా అని" అన్నారు. నిజమే, నేనే రాశాను.

ఇప్పుడు నా అనుమానం, తాత రాసింది "అడిగిన తడవకల్లా కూలి" లాంటిదేమో అని. అలాగైతే అర్థం పూర్తిగా తిరగబడుతుంది. ఎవరైనా ఇలాంటి పాత కాగితం చూశారా? ఫారం ఎలాగూ తిరగరాస్తున్నాను కాబట్టి, అందులో ఏ మాట వాడాలో కూడా చెప్పండి.

పాలకొల్లు మాస్టారు:
అమ్మా, రెండూ వేరు మాటలు. తడయు అంటే ఆలస్యం చేయడం, దాన్నుంచి తడవు. "అడిగిందే తడవుగా" అంటే అడగడానికి పట్టినంత సేపే ఆలస్యం, అంతకు మించి లేదు అని. తడవ అంటే సారి, మాటు. మీ నాన్నగారికి "అడిగిన" అని గుర్తుందంటున్నారు, "అడిగినదే" అని కాదు. "దే" లేకపోతే "తడవుగా" అక్కడ ఇమడదు. కాబట్టి మీ తాతగారు రాసింది తడవే. తర్వాత "కు" ఉండి ఉంటుంది.

తడవు అనగానే నాకు పోతన గుర్తొస్తాడు. ఏనుగు మొర పెట్టుకున్నదే తడవుగా స్వామి బయల్దేరాడు. సిరికిం జెప్పడు. ఆ రెండు మాటల్లోనే తొందరంతా ఉంది. తడవు అనే మాట వాడకుండానే తడవు లేకపోవడాన్ని చూపించాడు.

తణుకు లాయరు గారు:
మాస్టారూ, "దే" సంగతి ఒప్పుకోలేను. చేతిరాత కాగితం, ఎప్పుడో చిన్నప్పుడు చూసిన మనిషి జ్ఞాపకం. "అడిగినదే" కాస్తా "అడిగిన" అయి మిగిలుండొచ్చు. పైగా నా లెక్కలో తడవుగాలో ఉన్నది కూడా తడవే. అడిగిన ఆ ఒక్క సారే చాలు, రెండోసారి అడగక్కర్లేదు అని.

పాలకొల్లు మాస్టారు:
అలాగైతే "తడవగా" అనాలి కదండీ. "వు" ఎక్కణ్ణుంచి వచ్చింది?

తణుకు లాయరు గారు:
వాడుకలో వచ్చింది. వాడుక ప్రతిసారీ మన సూత్రం అడగదు.

నిడదవోలు నుంచి ఒకరు:
పూతరేకుల పెట్టె తడవకూడదంటే లోపల బటర్ పేపరు, బయట లామినేషన్ ఉండాలండి. మాకు స్వీట్ల ప్యాకింగే పని, రేటు కావాలంటే చెబుతాను.

అమలాపురం నుంచి:
ఆ తడవడం కాదండీ, కానీ లామినేషన్ మాట మంచిదే. అది ప్రెస్సు వాళ్ల ఖర్చో, నా ఖర్చో ఫారంలో ఎక్కడా రాయలేదని ఇప్పుడే గుర్తొచ్చింది.

భీమవరం నుంచి, పదేళ్లుగా ఇదే పని:
చెల్లెమ్మా, తడవో తడవుగానో తేలేలోపు నీ ఫారం చూద్దాం. ఆ పదకొండు సార్లూ ఏమేం అడిగారో ఇక్కడ రాయి. ఎన్ని అన్నది తర్వాత, ఏమిటన్నది ముందు.

అమలాపురం నుంచి:
మొదట కొట్టు యజమాని రంగు మార్చమన్నారు. తర్వాత పేరులో అక్షరాలు లావు చేయమన్నారు. పెద్దబ్బాయి ఆకుపచ్చ అన్నాక అల్లుడు గారు మెరూన్ అన్నారు, మళ్లీ ఆకుపచ్చకొచ్చాం. ఈ ముగ్గురూ విడివిడిగా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టేవారు. అలా ఏడు. ఎనిమిదోది, FSSAI లైసెన్సు నంబరు ఆలస్యంగా ఇచ్చి ఎక్కించమన్నారు. తొమ్మిది, బెల్లం పూతరేకులకి ఇంకో పెట్టె కావాలన్నారు. పది, పదకొండు ఆ మూడో పెట్టె మీద మార్పులు.

భీమవరం నుంచి:
అదీ సంగతి. ఇందులో సవరణలు ఏడే. ఎనిమిదోది వాళ్లు మొదట్లోనే ఇవ్వాల్సిన సమాచారం. తొమ్మిది నుంచి పదకొండు దాకా కొత్త పని. నువ్వు మూడింటినీ సవరణ అన్న ఒక్క మాట కింద వేసి మోశావు. నేను చూసేది ఇంతే: మొదట ఒప్పుకున్న పెట్టె మీదే మార్పా, ఇంకో పెట్టా? ఇంకో పెట్టె అయితే దానికి వేరే కొటేషన్.

అందుకే పని పరిధి రాసేటప్పుడు వస్తువుల్ని లెక్కపెట్టి రాయాలి. "పూతరేకుల ప్యాకింగ్ డిజైన్" అని రాస్తే మూడో పెట్టె కూడా అందులోకే వస్తుంది. "10 రేకుల పెట్టె ఒకటి, 20 రేకుల పెట్టె ఒకటి, ప్రెస్సుకి ఇచ్చే పీడీఎఫ్‌లు రెండు" అని రాస్తే రాదు. దాని కిందే ఇందులో లేనివి కూడా రాయి. ఫోటోలు తీయడం, అచ్చు, లామినేషన్, ప్రెస్సు చుట్టూ తిరగడం.

ఆ ఏడు కూడా అసలు ఏడు కాకూడదు. ముగ్గురు మనుషులు మూడు వేళల్లో చెప్పినవి అవి. ఒక్కరు కూడబెట్టి ఒకేసారి చెప్పుంటే రెండుతో పోయేది.

రాజోలు అక్క:
దీనికి మన వంటింట్లోనే మాటుంది. వాయి. ఒక వాయిలో నాలుగు గారెలు వేసినా పది వేసినా అది ఒక వాయే. మూకుడులోంచి తీసేశాక ఇంకొక్కటి కావాలంటే అది రెండో వాయి. "ధరలో రెండు వాయిల సవరణలు కలిసి ఉన్నాయి" అని రాయండి, పూతరేకుల వాళ్లకి వివరించక్కర్లేకుండా అర్థమవుతుంది. "రెండు సవరణలు" అని రాస్తే రంగు ఒకటి, అక్షరాలు ఒకటి, అయిపోయాయి అని మీరంటారు. కాదు, రెండు సార్లు ఎన్నైనా అని వాళ్లంటారు.

రావులపాలెం, ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యాను:
వాయి బాగుంది కానీ వంతు ఇంకా బాగుంటుంది. దాళ్వాలో నీళ్లు చాలనప్పుడు కాలువలకి వంతులవారీ ఇస్తాం. నీ వంతు రోజుల్లో నీ చేను నిండిందా లేదా అని చూడం, గడువు అయితే కట్టేసి కింది కాలువకి వదులుతాం. ఈ అమ్మాయికి కావలసింది అది. మూడు రోజుల్లో చెప్పాలి, చెప్పకపోతే వంతు పోయింది.

రాజోలు అక్క:
బాబాయ్ గారూ, వంతులో గడువుంది కానీ లెక్క లేదు. ఆ మూడు రోజుల్లో ముప్పై మెసేజ్‌లు పెడితే?

రావులపాలెం నుంచి:
పెట్టనీయండమ్మా, మూడో రోజు సాయంత్రానికి తూము మూసేస్తారు కదా.

భీమవరం నుంచి:
ఇద్దరూ చెప్పింది కావాలి. సవరణకి వాయి లెక్క, రోజులకి వంతు లెక్క. కానీ వంతు పోయింది అని రాస్తే గొడవొస్తుంది బాబాయ్ గారూ, చిన్న కొట్టు వాళ్లు, పెళ్లిళ్ల సీజన్లో ఫోను కూడా చూడరు. నేను రాసేది వేరు. వాళ్లు ఎన్ని రోజులు ఆలస్యం చేస్తే నా తేదీ అన్ని రోజులు జరుగుతుంది. వాళ్లు నష్టపోయేది లేదు, తప్పు నా మీద పడేదీ లేదు. ఇక్కడ చెల్లెమ్మ రోజులు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టిందో కూడా చూడాలి. ఒప్పుకున్న రోజు నుంచేనా?

అమలాపురం నుంచి:
అవునండి. "ఒప్పుకున్న 15 రోజుల్లో" అని రాశాను. లైసెన్సు నంబరు ఇరవయ్యో రోజున ఇచ్చారు.

భీమవరం నుంచి:
అడ్వాన్సు, పెట్టె మీదికి వెళ్లే మాటర్ మొత్తం, ఈ రెండిట్లో ఏది వెనకొస్తే ఆ రోజు నుంచి లెక్క పెట్టు. మాటర్ అంటే పేరు, అడ్రసు, బరువు, ధర, లైసెన్సు నంబరు, అన్నీ.

నరసాపురం తమ్ముడు:
అక్కా, నేను లేసు డిజైన్లు గీస్తాను. నా కొటేషన్ కింద "ఏడు రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే" అని పెడతాను. మౌనం అర్ధాంగీకారం కదా. నువ్వూ పెట్టు.

తణుకు లాయరు గారు:
తమ్ముడూ, సగమే అంగీకారం అని ఆ సామెతే చెబుతోంది. కొటేషన్ అంటే మీరు చేసే ప్రతిపాదన. అవతలివాళ్లు ఊరుకున్నారు కాబట్టి ఒప్పుకున్నారు అని మీ అంతట మీరు రాసుకుంటే వాళ్లకి అంటుకోదు. సరే అని మెసేజో, అడ్వాన్సో రావాలి. అలా ఒకసారి ఒప్పందం కుదిరాక మాత్రం, నమూనా పంపిన ఇన్ని రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఆ నమూనా ఖాయం అనే షరతు అందులో ముందే ఉంటే, దానికి బలం ఉంటుంది. కొటేషన్‌కి వేరే షరతు పెట్టండి, ఈ ధర 15 రోజుల వరకే అని.

అమలాపురం నుంచి:
ఇప్పటిదాకా చెప్పినవన్నీ కలిపి ఇలా రాశాను. పని మారినప్పుడు అంకెలు, వస్తువుల పేర్లు మార్చుకుంటే చాలేలా పెట్టాను. చూడండి.

"పని: 10 రేకుల పెట్టె ఒకటి, 20 రేకుల పెట్టె ఒకటి. ఇచ్చేది: ప్రెస్సుకి పనికొచ్చే పీడీఎఫ్‌లు రెండు. ఫోటోలు, అచ్చు, లామినేషన్ ఇందులో లేవు. ఇంకో పెట్టె కావాలంటే వేరే కొటేషన్.

ధర: 12,000. సగం ముందు, సగం పీడీఎఫ్‌లు ఇచ్చే రోజున. ఈ ధర 15 రోజుల వరకు.

గడువు: అడ్వాన్సు, మాటర్ రెండూ అందిన మర్నాటి నుంచి 7 పని దినాల్లో మొదటి నమూనా. మీ జవాబుకి 3 రోజులు. ఆలస్యమైనన్ని రోజులు మా తేదీ జరుగుతుంది.

సవరణలు: ధరలో రెండు తడవలు. మీ తరఫున ఒక్కరు, అన్ని మార్పులూ కలిపి, ఒకే మెసేజ్‌లో రాసి పంపితే అది ఒక తడవ. మూడో తడవ నుంచి తడవకు 1,000."

వాయి అని రాయాలనే ఉంది కానీ రేపు ఏ కాలేజీకో పంపితే అర్థం కాదేమోనని తడవ అన్నాను.

రాజోలు అక్క:
కాలేజీ వాళ్ల ఇళ్లలో గారెలు వండరా?

భీమవరం నుంచి:
బాగుంది. ఒక్క మాట చేర్చు. మొదటి తడవలో ఖాయం చేసిన దాన్ని రెండో తడవలో మళ్లీ తిరగదోడితే? ఆకుపచ్చ, మెరూన్, మళ్లీ ఆకుపచ్చ. నేనైతే దాన్ని కొత్త పని కిందే లెక్కేస్తాను. కొందరు పోనీలే అని వదిలేస్తారు. అది నీ ఇష్టం.

పాలకొల్లు మాస్టారు:
"తడవకు 1,000" అని రాశారు. చూశారా, మీ తాతగారి వాక్యం మీ చేతిలోకే వచ్చింది. "దిద్దుబాటు అడిగిన తడవకు ఇంత." నేను చెప్పిన "కు" ఇదే.

తణుకు లాయరు గారు:
ఆమె రాసింది ఆమెది మాస్టారూ. తాతగారు రాసిందానికి అది సాక్ష్యం ఎలా అవుతుంది?

అమలాపురం నుంచి:
ఇప్పుడే నాన్నకి ఫోన్ చేశాను. "అడిగిన తడవ" తర్వాత ఏదో అంకె ఉండేదని, అణాలో రూపాయలో తెలీదని అంటున్నారు. పక్క నుంచి మా మేనత్త, అంకె కాదురా, అది తేదీ అంటోంది.

పాలకొల్లు మాస్టారు:
అంకె అయితే తడవకే. మీ మేనత్త గారిని ఇంకోసారి నెమ్మదిగా అడగండి.