11 గీతలను బూడిద రంగులోకి మారిస్తే డేటా దాచినట్టా?

రాత్రి_ల్యాబ్: ఈ. కోలై మామూలు స్ట్రెయిన్ ఒకటి, మ్యుటెంట్లు 13. 24 గంటల పెరుగుదల గ్రాఫ్. పేపర్లో బాగానే ఉంది, స్లయిడ్ మీద మాత్రం వెనక వరుసవాళ్ళకి చిక్కుపడ్డ దారపుండలా కనిపించిందట. రెండు మ్యుటెంట్లు 4 గంటలు ఆలస్యంగా పెరగడం మొదలుపెడతాయి, నేను చెప్పాల్సింది అంతే. మిగతావి తీసేయనా? తీస్తే డేటా దాచినట్టే అంటున్నారు మా గైడ్ గారు.

చుక్కాని: ఫాంట్ 24 పెట్టండి, చాలు.

రాత్రి_ల్యాబ్: పెట్టి చూశాను. లెజెండే సగం స్లయిడ్ తినేసింది.

పాత_బెంచి: తీయాల్సింది ఆ లెజెండే. 14 రంగులను పక్కనున్న డబ్బాతో పోల్చి చూసే ఓపిక వెనక వరుసలో ఎవరికీ ఉండదు. మామూలు స్ట్రెయిన్ నల్లగా, ఆ రెండూ ముదురు రంగుల్లో, మిగతా 11 బూడిద రంగులో ఉంచండి. గీతలన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి దాచిందేమీ లేదు. పేర్లు గీతల చివర రాయకండి, 24వ గంటకి అన్నీ ఒకే ఎత్తుకు చేరి పేర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. అవి బాగా విడిపోయే 6–8 గంటల దగ్గర రాయండి.

చుక్కాని: అయితే 10 గంటల దగ్గర గ్రాఫ్ కత్తిరించేస్తే ఇంకా పెద్దగా కనిపిస్తుంది కదా?

పాత_బెంచి: కనిపిస్తుంది, కానీ అప్పుడు ఆ రెండూ ఎప్పటికీ అందుకోలేవనిపిస్తుంది. చివరికి మిగతావాటితో సమానమవుతాయి కదా, దాచడమంటే అదే. దానికి బదులు నిలువు అక్షాన్ని లాగ్ స్కేలుకి మార్చండి. మామూలు స్కేలులో మొదటి గంటలన్నీ సున్నాకి అతుక్కుపోతాయి, లాగ్‌లో అక్కడే విడివడతాయి. పెరిగే భాగాలు సమాంతరంగా ఉంటే వేగం ఒకటే, ఆరంభమే ఆలస్యం అని చూడగానే తెలుస్తుంది. మరీ అడుగున మాత్రం రీడర్ నాయిస్ వణుకుతూ కనిపిస్తుంది, అక్షాన్ని దానికి పైనుంచి మొదలుపెట్టండి.

ఎండమావి: నాదీ ఇదే గోల! పోయినసారి నా పసుపు గీతని ప్రొజెక్టర్ మింగేసింది. లేత బూడిద కూడా అంతే, జాగ్రత్త. పోస్టర్ అయితే ఈ టెన్షన్ ఉండదు, దగ్గరికొచ్చి చూస్తారు.

పాత_బెంచి: ఆయన అడిగింది పోస్టర్ గురించి కాదు, కానీ బూడిద మాట నిజం. కొంచెం ముదురుగా వేసి, ఆ హాల్లోనే లైట్లు వెలుగుతుండగా చూసుకోండి. అక్షరాలకైతే ఇంట్లోనే పరీక్ష: హాలు తెర ఎత్తు 2 మీటర్లు, చివరి వరుస 16 మీటర్ల దూరంలో ఉందంటే ఎత్తుకి 8 రెట్లు. మీ ల్యాప్‌టాప్ తెర ఎత్తు 19 సెంటీమీటర్లయితే, ఒకటిన్నర మీటర్ల దూరంలో నిలబడి చదవండి.

రాత్రి_ల్యాబ్: నిలబడ్డాను. పేర్లు కనిపిస్తున్నాయి, అక్షం మీది అంకెలు కనిపించలేదు. ఏడు అంకెల్ని మూడుకి తగ్గించి పెద్దవి చేశాక సరిపోయింది. కానీ ఆ 11లో ఒక మ్యుటెంట్ గంటన్నర ఆలస్యం. దాన్నీ బూడిదలో కలిపేయనా?

సందేహి: అది కలిపితే మాత్రం మీ గైడ్ గారిదే ఒప్పు. రెండు గుంపులే ఉన్నాయనిపిస్తుంది, మధ్యలోది మాయం.

పాత_బెంచి: దానికీ రంగిస్తే నాలుగు గీతలు, చూపు చెదురుతుంది. నేనైతే బూడిదలోనే ఉంచి నోటితో చెప్తాను, అసలు గ్రాఫ్ చివరి స్లయిడ్‌గా పెట్టుకుంటాను.

సందేహి: నోటితో చెప్పింది ఫోన్లో తీసుకున్న ఫోటోలో రాదు.