సీఈ-20లో గ్యాస్ జనరేటర్ ఎందుకు? ఇస్రో వెనకడుగు వేసిందా?

తిరుచానూరు ఫిజిక్స్ లెక్చరర్:
మా కాలేజీలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి అడిగింది, నేను సరిగ్గా చెప్పలేకపోయాను. జీఎస్‌ఎల్‌వీ మార్క్-2 పై దశలో ఉండే సీఈ-7.5 చిన్న క్రయోజెనిక్ ఇంజిన్, ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచేది. దానిది స్టేజ్డ్ కంబషన్. ఐఎస్పీ, అంటే ఇంధనాన్ని ఎంత పొదుపుగా తోపుగా మారుస్తుందో చెప్పే కొలత, 454 సెకన్లు. తర్వాత వచ్చిన ఎల్‌వీఎం3లోని సీఈ-20 పెద్దది. దానికి గ్యాస్ జనరేటర్ పెట్టారు, ఐఎస్పీ దాదాపు 442. కొత్తది మెరుగ్గా ఉండాలి కదా, తక్కువకు ఎందుకు దిగారు? శనివారం క్లాసులో చెప్పాలి, కొంచెం వివరంగా రాయండి.

యేర్పేడు విద్యార్థి:
మేడమ్, స్టేజ్డ్ కంబషన్ ఎప్పుడూ మేలే. గ్యాస్ జనరేటర్‌లో కొంచెం ఇంధనాన్ని పక్కన మండించి, ఆ వాయువుతో టర్బైన్ తిప్పి, బయటికి వదిలేస్తారు. అది వృథా. స్టేజ్డ్‌లో టర్బైన్ నుంచి వచ్చిన వాయువు మళ్లీ చాంబర్‌లోకే పోయి పూర్తిగా మండుతుంది. అందుకే చాంబర్ ఒత్తిడి బాగా పెంచవచ్చు. రష్యా ఇంజిన్ ఆర్డీ-180లో 260 బార్ దాకా ఉంటుంది. టెక్నాలజీ అందకనే ఇస్రో సులువైన దారి పట్టింది.

పుంగనూరు మోటార్ షెడ్:
నమస్తే మేడమ్. రాకెట్టు సంగతి నాకు తెలీదు గానీ పంపు సంగతి తెలుసు. మా దగ్గరికి వచ్చే బోరు మోటార్లలో చాలావరకు నీళ్లు దిగిపోయాక నడిపినవే. లోపల గులకరాళ్లు తిరుగుతున్నట్టు చప్పుడొస్తుంది. విప్పి చూస్తే ఇంపెల్లర్ రెక్కల మీద సన్నసన్న గుంతలు పడి ఉంటాయి. రాకెట్లో కూడా పంపులోకి వచ్చే ద్రవానికి ఒత్తిడి చాలకపోతే అంతేనా? డ్రై రన్ కాకుండా ప్యానెల్ ఏమన్నా పెడతారా?

సూళ్లూరుపేట రిటైర్డ్:
ముందు మేడమ్ ప్రశ్న. తమ్ముడు చెప్పిన రెండు ఏర్పాట్ల తేడా సరైనదే, చివరి మాట మాత్రం కుదరదు. స్టేజ్డ్ కంబషన్ సీఈ-7.5 ముందే చేతిలో ఉంది, 2014 జనవరి 5న జీఎస్‌ఎల్‌వీ-డీ5లో విజయవంతంగా పనిచేసింది. సీఈ-20 మొదట ఎగిరింది 2017 జూన్ 5న. చేతకాక దిగారనడానికి తేదీలే ఒప్పుకోవు.

ఇంకో సంగతి చూడండి. సీఈ-7.5 చాంబర్ ఒత్తిడి 58 బార్ దగ్గర, సీఈ-20ది 60 దగ్గర. అంటే ఆ చిన్న ఇంజిన్ స్టేజ్డ్ అయినా అధిక ఒత్తిడి జోలికి పోలేదు. దానికి దక్కిన లాభమంతా వాయువును పారబోయకపోవడమే.

ఆ పారబోసేది ఎంతో లెక్కేద్దాం. సీఈ-20 తోపు 200 కిలోన్యూటన్లు అనుకోండి. దాన్ని ఐఎస్పీతోనూ, గురుత్వ త్వరణం 9.8తోనూ భాగిస్తే సెకనుకు దాదాపు 46 కిలోల ప్రవాహం. ఆక్సిజన్, హైడ్రోజన్ నిష్పత్తి 5 చిల్లర కాబట్టి హైడ్రోజన్ ఏడున్నర కిలోలు, ఆక్సిజన్ 38 కిలోల పైన. పంపు 90 బార్‌కు ఎత్తాలనుకుంటే, ఒత్తిడిని సాంద్రతతో భాగించి ప్రవాహంతో గుణించండి. ద్రవ హైడ్రోజన్ ఘనమీటరు 70 కిలోలే, అందుకని ఏడున్నర కిలోలకే దాదాపు ఒక మెగావాట్ పడుతుంది. ఆక్సిజన్ అయిదింతలు బరువున్నా 0.3 మెగావాట్‌తో సరిపోతుంది. పంపు సామర్థ్యం 65 శాతం అనుకుంటే మొత్తం రెండు మెగావాట్లు.

ఈ రెండు మెగావాట్లకు హైడ్రోజన్ ఎక్కువగా ఉండే వేడి వాయువు సెకనుకు సుమారు ఒక కిలో చాలు. 46లో ఒకటి, అంటే రెండు శాతం. అదీ పూర్తిగా పోదు, బయటికి పోతూ కాస్త తోపు ఇస్తుంది.

ఆ రెండు శాతానికి బదులుగా దక్కేది ఏమిటంటే, గ్యాస్ జనరేటర్‌ను విడిగా, టర్బోపంపులను విడిగా, చాంబర్‌ను విడిగా పరీక్ష స్టాండ్ మీద పెట్టి సరిచేసుకోవచ్చు. స్టేజ్డ్‌లో టర్బైన్ వెనక చాంబరే ఉంటుంది. చాంబర్ ఒత్తిడి మారితే టర్బైన్ వేగం మారుతుంది, దాంతో పంపు, పంపుతో మళ్లీ చాంబర్. స్టార్ట్ అయ్యే ఆ రెండు మూడు సెకన్లు మొత్తం ఇంజిన్‌ను కలిపి తప్ప పరీక్షించలేం. పెద్ద ఇంజిన్‌ను ఆలస్యం లేకుండా తేవాలంటే నా ఉద్దేశంలో అది సరైన నిర్ణయం.

తిరుచానూరు ఫిజిక్స్ లెక్చరర్:
సార్, రెండు శాతం అర్థమైంది. కానీ 454కు 442కు తేడా రెండున్నర శాతం దాటుతోంది కదా? ఇంకోటి, పిల్లలు తప్పకుండా అడుగుతారు: ఇంత తంటా ఎందుకు, ట్యాంకులోనే ఒత్తిడి పెంచేస్తే పోలేదా?

సూళ్లూరుపేట రిటైర్డ్:
ట్యాంకుది ఇంటర్ లెక్కే. గోడ మందం అంటే ఒత్తిడి ఇంటూ వ్యాసార్థం, భాగించు లోహం తట్టుకునే ఒత్తిడి. వ్యాసం 4 మీటర్లు, అల్యూమినియం 250 మెగాపాస్కల్ తీసుకోండి. ట్యాంకులో 3 బార్ అయితే 2.4 మిల్లీమీటర్లు. 90 బార్ అయితే 72 మిల్లీమీటర్లు. ముప్ఫై రెట్లు బరువున్న ట్యాంకుతో ఉపగ్రహం ఏం ఎగురుతుంది? టర్బోపంపు ఉన్నది అందుకే. ట్యాంకు పల్చగా ఉండాలంటే ఒత్తిడి అంతా ఇంజిన్ దగ్గరే పుట్టాలి.

ఐఎస్పీ తేడా మొత్తం గ్యాస్ జనరేటర్ వల్లే కాదు. నాజిల్ విస్తరణ, మిశ్రమ నిష్పత్తి కూడా అందులో ఉంటాయి.

పుంగనూరు తమ్ముడూ, నువ్వు అడిగింది అసలు గుండెకాయ లాంటి ప్రశ్న. ట్యాంకులో ఉన్నది మరిగే ఉష్ణోగ్రతకు దగ్గర్లోని ద్రవం, ఒత్తిడేమో 3 బార్. ప్రధాన పంపు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, మూతి దగ్గర ఒత్తిడి పడితే బుడగలు పుడతాయి. అందుకని దాని ముందు చిన్న బూస్టర్ పంపు పెడతారు. 2010 ఏప్రిల్ 15న జీఎస్‌ఎల్‌వీ-డీ3 పోయింది ఆ చిన్న పంపు దగ్గరే. హైడ్రోజన్ బూస్టర్ పంపు నిమిషానికి 34,800 చుట్ల దాకా చేరింది, ఇంజిన్ అంటుకుంది, అంతలో ఆ వేగం పడిపోయి ఆగిపోయింది. సీల్ దగ్గర రోటర్ పట్టేసి ఉండవచ్చని, లేదంటే టర్బైన్ కేసింగ్ చీలి ఉండవచ్చని ఇస్రో చెప్పింది. 2021 ఆగస్టులో జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10లో లోపం పంపుది కాదు, వాల్వ్ లీకై ట్యాంకు ఒత్తిడే తగ్గి, ఆ పంపు సరిగ్గా నడవలేదు. నీ బోర్లో నీళ్లు దిగిపోయినట్టే.

పుంగనూరు మోటార్ షెడ్:
అయితే వేగం గ్రాఫ్ చూస్తే తెలుస్తుందన్నమాట, మాకు యాంపియర్లు పడిపోయినట్టు.

సూళ్లూరుపేట రిటైర్డ్:
వేగం ఒక్కటే చూస్తే చాలదు. పంపు పట్టేస్తే వేగం పడిపోతుంది. ద్రవం అందకపోతే భారం తగ్గి వేగం పెరగవచ్చు కూడా. మూతి దగ్గరి ఒత్తిడి, బయటికి వచ్చే ఒత్తిడి, వేగం మూడూ పక్కపక్కన పెట్టి, ఏది ముందు కదిలిందో చూడాలి.

యేర్పేడు విద్యార్థి:
సరే సార్, సీఈ-20 సంగతి ఒప్పుకుంటాను. అలాగైతే కిరోసిన్, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే సెమీ-క్రయో ఇంజిన్‌కు మళ్లీ స్టేజ్డ్ ఎందుకు తీసుకున్నారు?

సూళ్లూరుపేట రిటైర్డ్:
అక్కడ చాంబర్ 180 బార్. పంపు శక్తి ఒత్తిడితో పాటే పెరుగుతుంది, పారబోసే వాటా కూడా మూడింతలవుతుంది. ఇక ఆ నష్టం భరించలేం. అమెరికా ఇంజిన్ ఎఫ్-1 అంత పెద్దదైనా గ్యాస్ జనరేటర్‌తో 70 బార్ దగ్గరే నిలిచింది. టర్బైన్ తిప్పే వాయువును పుట్టించే ప్రీబర్నర్‌లో కిరోసిన్ ఎక్కువైతే మసి పడుతుంది కాబట్టి ఆక్సిజన్ ఎక్కువగా పెడతారు. ఆ వేడి ఆక్సిజన్ లోహాన్నే అంటించగలదు, కష్టమంతా అదే. 2023 జూలైలో మహేంద్రగిరిలో నాలుగున్నర సెకన్ల పరీక్ష 1.9 సెకన్ల దాకా సరిగ్గా నడిచి ఆగింది: 2 సెకన్ల దగ్గర టర్బైన్ ఒత్తిడి ఒక్కసారిగా ఎగసి, వేగం పడిపోయింది. 2025 మార్చి 28న రెండున్నర సెకన్లు సరిగ్గా నడిచింది.

యేర్పేడు విద్యార్థి:
నా అభిప్రాయం మాత్రం సీఈ-20ని సీఈ-7.5 అనుభవంతోనే స్టేజ్డ్‌గా చేసి ఉండాల్సింది. అప్పుడు సెమీ-క్రయోకు ఇంకా తొందరగా చేరేవాళ్లం.

సూళ్లూరుపేట రిటైర్డ్:
హైడ్రోజన్ ఎక్కువుండే ప్రీబర్నర్ అనుభవం ఆక్సిజన్ ఎక్కువుండే దానికి అంతగా పనికిరాదు తమ్ముడూ. లోహం వేరు, సీల్ వేరు. దీనిమీద మనం కూర్చుని మాట్లాడుకుందాం, ఇక్కడ రాస్తే తెమలదు.