అప్‌డేట్: సామెత చోటు మారింది

నేను అడిగింది: కాకతీయుల గొలుసుకట్టు చెరువుల మీద వ్యాసాన్ని "నీరు పల్లమెరుగు" అంటూ మొదలుపెట్టవచ్చా?

అలాగే రాసి హనుమకొండలో మా సారుకు చూపించాను. మొదటి వాక్యం చదవగానే ఆయన "నిజము దేవుడెరుగు" అని పూర్తిచేశారు. నా గుండె జారింది. ఆధారాలు చూపాల్సిన వ్యాసం, నిజం మనకు తెలియదన్న మాటతో మొదలైనట్టయింది. అందరికీ తెలిసిన సామెతను మనం సగంలో ఆపినా చదివేవారి మనసు ఆపదు.

పైగా నీరు పల్లానికి దానంతటదే పోతుంది. గొలుసుకట్టు గొప్పతనమంతా ఆ నీటిని కట్ట వేసి ఆపి, మిగులును మత్తడి మీదుగా కింది చెరువుకు పంపడంలోనే ఉంది. నా సామెత ఆ మనుషుల శ్రమనే మాయం చేసింది.

ఇప్పుడు మత్తడి దూకుతున్న చెరువు దృశ్యంతో మొదలుపెట్టాను. సామెతను నీటి వంతుల తగాదాల పేరాలోకి మార్చాను. అక్కడ రెండు సగాలూ అతికాయి.